స్లాబ్ వేసే ముందు తనిఖీ కోరుతూ ఇంజనీర్ గారికి ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇంజనీర్‌ని కాను, ఇల్లు కట్టించుకున్నవాణ్ణి. కింది స్లాబ్‌కి ఉత్తరం రాయలేదు, పై స్లాబ్‌కి రాశాను. ఆ రెండింటి మధ్య జరిగింది తెలిసినవాళ్లు తమ ఇంటి స్లాబ్ దగ్గర పడగానే ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇవి. బాల్కనీ గురించి ఎక్కువ రాశాను, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

ఫోన్ చేసి "సార్, రేపు స్లాబ్, ఒకసారి వచ్చి చూడండి" అంటే చాలదా? ఉత్తరం దేనికి?

నేనూ కింది స్లాబ్‌కి అలాగే ఫోన్ చేశాను. ఇంజనీర్ గారు పొద్దున ఏడింటికి వచ్చారు. అప్పటికే మిల్లర్ తిరుగుతోంది, కూలీలు గమేళాలు పట్టుకుని నిలబడి ఉన్నారు, మొదటి కాంక్రీట్ ఒక మూల పడిపోయింది కూడా. ఆయన రాడ్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, రెండు చోట్ల బైండింగ్ వైర్ కట్టమని చెప్పి, సరే కానివ్వండి అన్నారు. ఆ సమయంలో ఎవరైనా అంతకంటే ఏం చేయగలరు? అంతమందిని ఆపి, కలిపిన మాల్ పారబోసి, రాడ్లు ఎత్తి సరిచేయమని చెప్పడం ఎంత మంచి ఇంజనీర్‌కైనా కష్టమే.

సెంట్రింగ్ విప్పిన రెండు నెలలకి బాల్కనీ పైన, గోడకి ఆనుకుని, గోడ పొడుగునా ఒక సన్నటి పగులు కనిపించింది. బయటి అంచు కాస్త కిందికి వాలింది. పైన ఒకచోట జాగ్రత్తగా చెక్కి చూస్తే, 2 సెంటీమీటర్ల లోతులో దొరకాల్సిన రాడ్డు 6 సెంటీమీటర్ల లోతులో దొరికింది. చివరికి ఇంజనీర్ గారి లెక్క ప్రకారం కింద రెండు పిల్లర్లు, ఒక బీమ్ కట్టి ఆ బాల్కనీకి ఆసరా ఇవ్వాల్సి వచ్చింది. స్లాబ్ పోయకముందు టేపు పెట్టి కొలిస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోయే సంగతి అది.

ఉత్తరం రాస్తే రెండు పనులు జరుగుతాయి. తనిఖీకి, కాంక్రీట్‌కి మధ్య సవరించుకోడానికి సమయం ఉండేలా తేదీలు ముందే కాగితం మీద పడతాయి. ఇంజనీర్ గారు వచ్చాక ఏం కొలవాలో కూడా అంకెలతో సహా ముందే తేలిపోతుంది.

ఎప్పుడు పంపాలి?

కాంక్రీట్ రోజుకి కనీసం వారం ముందు పంపండి. తనిఖీ మాత్రం సెంట్రింగ్, రాడ్లు, కరెంటు పైపులు మూడూ అయిపోయాకే జరగాలి. అక్కడి నుంచి కాంక్రీట్‌కి మధ్య ఒక పూర్తి రోజు ఖాళీగా ఉండాలి. చాలామంది రాడ్ల పని అయిన సాయంత్రమే ఇంజనీర్‌ని పిలిచి చూపించేస్తారు, మర్నాడు ఎలక్ట్రీషియన్ వస్తాడు. అతను పైపులు వేసేటప్పుడు రాడ్ల మీదే కూర్చుంటాడు, మీదే నడుస్తాడు, అడ్డమొచ్చిన రాడ్డుని పక్కకి జరుపుతాడు. ముందురోజు చూసింది చూసినట్టు ఉండదు.

వీలైతే రాడ్లు పరచకముందు కూడా ఒకసారి రమ్మనండి, ఎందుకంటే సెంట్రింగ్ ఎత్తులో తేడా ఉంటే రాడ్లు పరిచాక దాన్ని సరిచేయడం నరకం. రెండుసార్లు రావడం ఆయనకి కుదరదంటే రెండో రాకనే పట్టుకోండి.

ఉత్తరం ఎలా రాయాలి? నమూనా ఉంటే పెట్టండి.

నేను పై స్లాబ్‌కి రాసింది దాదాపు ఇలాగే ఉంది. అంకెలు మా డ్రాయింగ్‌లోవి. మీరు రాసేటప్పుడు మీ డ్రాయింగ్ చూసి మార్చుకోండి, వీటిని ఉన్నవున్నట్టు దించుకోవద్దు.

> ఇంజనీర్ గారికి నమస్కారం.
>
> మా ఇంటి పై స్లాబ్ వచ్చే ఆదివారం వేద్దామనుకుంటున్నాం. గురువారం సాయంత్రానికి సెంట్రింగ్, రాడ్లు, కరెంటు పైపులు పూర్తవుతాయని మేస్త్రీ గారు చెప్పారు. శుక్రవారం ఉదయం మీరు వచ్చి తనిఖీ చేయాలని కోరుతున్నాను. శనివారం సవరణలకే ఉంచాం. మీరు సరేనని రాసి ఇచ్చాకే కాంక్రీట్ మొదలుపెడతాం.
>
> మీరు ఫలానా తేదీన ఇచ్చిన సవరించిన డ్రాయింగ్ ప్రింటు సైటులో ఉంచాను. దాని ప్రకారం ఈ కిందివి కొలిచి చూడగలరు:
>
> 1. బాల్కనీ పై రాడ్లు: 10 మి.మీ. రాడ్లు, 150 మి.మీ. దూరంలో. సెంట్రింగ్ పలక మీద నుంచి రాడ్డు అడుగు వరకు 95 మి.మీ. ఎత్తు ఉండాలి. అయిదు చోట్ల కొలవాలి.
> 2. అవే రాడ్లు బీమ్ దాటి లోపలి స్లాబ్‌లోకి 1.8 మీటర్లు వెళ్లాయా?
> 3. పై రాడ్ల కింద కుర్చీలు సరిపడా ఉన్నాయా, మనిషి నిలబడితే అణుగుతున్నాయా?
> 4. గదుల్లో కింది రాడ్లు: 8 మి.మీ., 150 మి.మీ. దూరంలో. కింద 20 మి.మీ. కవర్ బ్లాకులు.
> 5. బాల్కనీ కింది జాకీలు కింది బాల్కనీ మీద నిలబడ్డాయి. కింది బాల్కనీకి గతంలో పగులు వచ్చి ఆసరా కట్టాం కాబట్టి ఈ బరువు దానికి సరేనా, ఇంకేమైనా ఆసరా కావాలా?
> 6. పైపులు ఒకేచోట గుంపుగా పోయిన దగ్గర ఏం చేయాలి?
> 7. వర్షం వచ్చో, మిషన్ ఆగిపోయో మధ్యలో ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపాలో డ్రాయింగ్ మీద గీత గీసి ఇవ్వగలరు.
>
> ప్రతి అంశం ఎదురుగా కొలత రాసుకోడానికి ఖాళీ వదిలిన కాగితం విడిగా పెడుతున్నాను. ఈ ఉత్తరం ప్రతి మేస్త్రీ గారికి కూడా ఇచ్చాను.

అంతే. కాగితం మీదే ఇవ్వాలని లేదు, వాట్సాప్‌లో పంపినా పరవాలేదు. కాకపోతే డ్రాయింగ్ తేదీ తప్పకుండా రాయండి. సైటులో పాత ప్రింటు, ఇంజనీర్ గారి దగ్గర కొత్తది ఉండిపోయే సంగతి చాలా ఇళ్లల్లో జరుగుతుంది, అప్పుడు ఇద్దరూ తమది కరెక్టే అంటారు.

అన్నిటికంటే ముందు బాల్కనీ రాడ్డు ఎందుకు పెట్టారు? గదుల స్లాబ్ పెద్దది కదా?

గది స్లాబ్ నాలుగు వైపులా గోడల మీదో బీముల మీదో కూర్చుంటుంది. బరువు పడితే మధ్యలో కిందికి వంగుతుంది కాబట్టి సాగేది దాని అడుగు భాగం. అందుకే అక్కడ ముఖ్యమైన రాడ్డు కింద ఉంటుంది. పొరపాటున కాస్త అటూఇటూ అయినా నాలుగు వైపులా ఆధారం ఉంటుంది, బరువు సర్దుకోడానికి ఇంకో దారి దొరుకుతుంది.

బాల్కనీకి ఆధారం ఒక్క వైపే. చివర బరువు పడితే అది గోడ దగ్గర పైభాగంలో సాగుతుంది. అందుకే అక్కడ బలమంతా పై రాడ్డులో ఉంటుంది. ఆ రాడ్డు పైన లేకపోతే కింద ఎన్ని రాడ్లున్నా ఆ లోటు తీరదు.

మా కింది బాల్కనీ లెక్కే చూడండి. స్లాబ్ మందం 125 మి.మీ. రాడ్డుని కప్పే కాంక్రీట్, అంటే కవర్, పైన 20 మి.మీ., రాడ్డు 10 మి.మీ., కాబట్టి రాడ్డు మధ్యగీత స్లాబ్ అడుగు నుంచి 100 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఇంజనీర్లు బలం లెక్కగట్టేది ఈ 100 మీదే, మొత్తం మందం 125 మీద కాదు. మాది 40 మి.మీ. కిందికి దిగిపోయింది, అంటే 60 మిగిలింది. రాడ్డు మోయగల వంపు దాదాపు ఈ ఎత్తుని బట్టే ఉంటుంది, కాబట్టి ఉజ్జాయింపుగా బలంలో 40 శాతం పోయినట్టే. ఇనుము అంతే కొన్నాం, కాంక్రీట్ అంతే పోశాం, బయటి నుంచి చూస్తే బాల్కనీ ముచ్చటగా ఉంది. వంగడం అయితే ఇంకా ఎక్కువ పెరుగుతుంది, అంచు వాలింది అందుకే.

ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే రాడ్‌బెండర్ రాడ్డు సరిగ్గానే కట్టాడు. కుర్చీలు చాలినన్ని పెట్టలేదు, అంతే. స్లాబ్ రోజు ఇరవై మంది అదే దారిలో మాల్ మోస్తూ తొక్కితే అది అణిగిపోయింది.

"కుర్చీ" అంటే ఏమిటి, ఎన్ని ఉండాలి?

పై రాడ్డుని ఎత్తులో నిలబెట్టడానికి రాడ్డు ముక్కని వంచి చేసే చిన్న స్టాండు. మా ఇంట్లో మొదటిసారి 6 మి.మీ. రాడ్డుతో చేసినవి రెండంటే రెండే ఉన్నాయి, అవీ తొక్కితే పక్కకి ఒరిగేవి. రెండోసారి 10 మి.మీ. రాడ్డుతో చేయించి, పై రాడ్ల కింద అడ్డంగా ఒక రాడ్డు పెట్టి, దాని కింద దాదాపు 60 సెంటీమీటర్లకి ఒకటి చొప్పున నిలబెట్టి వైర్‌తో కట్టించాం. ఎన్ని ఉండాలన్న దానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష ఒకటే. ఒక మనిషి రెండు కుర్చీల మధ్యలో రాడ్ల మీద నిలబడాలి, దిగాక మళ్లీ కొలవాలి. కొలత మారితే కుర్చీలు చాలవు.

ఆ 95 మి.మీ. ఎత్తు నేనే కొలుచుకోవచ్చా?

తప్పకుండా, ఇంజనీర్ వచ్చేలోగా మీరే ఒకసారి కొలిచి పెట్టుకుంటే మంచిది కూడా. స్టీల్ స్కేలుని సెంట్రింగ్ పలక మీద నిలువుగా ఆనించి రాడ్డు అడుగు ఎంత ఎత్తులో ఉందో చదవండి. కొలిచే చోటు ముఖ్యం. బయటి అంచు దగ్గర కాకుండా, బాల్కనీ గోడని లేదా బీమ్‌ని కలిసే చోట కొలవాలి, ఎక్కువ బలం కావాల్సింది అక్కడే. స్కేలు కనిపించేలా ఫోటో తీయండి. పై స్లాబ్ తనిఖీలో మాకు అయిదింట్లో మూడు చోట్ల 95 వచ్చింది, రెండు చోట్ల 70 వచ్చింది. ఆ రెండూ ఎలక్ట్రీషియన్ కూర్చుని పైపు వేసిన వైపే. శనివారం పొద్దున గంటన్నరలో సరిచేశారు.

మీ స్లాబ్ మందం వేరైతే లెక్క సులువే. మందంలోంచి పై కవర్ తీసేయండి, అందులోంచి రాడ్డు లావు తీసేయండి, మిగిలింది రాడ్డు అడుగు ఉండాల్సిన ఎత్తు. 150 మి.మీ. స్లాబ్‌కి అవే 20, 10 అయితే 120 వస్తుంది.

రాడ్ల మధ్య దూరం ప్రతిదీ కొలవాలా?

అక్కర్లేదు. ఒక రాడ్డు దగ్గర టేపు మొదలుపెట్టి పదకొండో రాడ్డు వరకు చూడండి. మధ్యలో పది ఖాళీలు ఉంటాయి, 150 మి.మీ. దూరం అయితే సరిగ్గా మీటరున్నర రావాలి. రెండు మీటర్లు వస్తే రాడ్లు 200 మి.మీ. దూరంలో పరిచారన్నమాట, అంటే డ్రాయింగ్ చెప్పిన ఇనుములో పావు వంతు తగ్గింది. ఒకటీ అరా రాడ్డు జరిగి ఉంటే కంగారు పడకండి. పది ఖాళీల మొత్తం సరిపోతే, ఎక్కడా పెద్ద సందు కనిపించకపోతే ఇంజనీర్లు సాధారణంగా జరిపించి సరే అంటారు.

సెంట్రింగ్ గురించి ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది, అది చాలా?

మా ఇంట్లో కింది బాల్కనీ పగులు సంగతి ఉంది కాబట్టి దాన్ని ప్రత్యేకంగా అడిగాను. పచ్చి కాంక్రీట్ బరువు ఎంతో ఇంటి యజమానికి ఊహ ఉండదు, నాకూ ఉండేది కాదు. 4 మీటర్లు పొడుగు, 1.2 మీటర్లు వెడల్పు, 125 మి.మీ. మందం ఉన్న చిన్న బాల్కనీకే 0.6 ఘనపు మీటర్ల కాంక్రీట్ పడుతుంది, అంటే దాదాపు ఒకటిన్నర టన్ను. దాని మీద మనుషులు, వైబ్రేటర్, గుట్టగా పోసిన మాల్ అదనం. గట్టిపడేదాకా ఈ బరువంతా జాకీల ద్వారా వెళ్లేది కింది బాల్కనీ మీదికే.

మీ జాకీలు నేల మీద నిలబడితే అడగాల్సింది వేరు. ఒక్కో జాకీ కింద వెడల్పాటి పలక ఉందా, నేల గట్టిగా ఉందా అన్నది చూడాలి. పూడ్చిన మట్టి మీద ఇటుక ముక్క పెట్టి దాని మీద జాకీ నిలబెడితే, క్యూరింగ్ నీళ్లో వాననీళ్లో తగలగానే అది దిగుతుంది. జాకీని చేత్తో ఊపి చూడండి, వదులుగా ఆడితే అది బరువు మోయడం లేదనే అర్థం. నిలువుగా ఉన్నాయా, ఒకదానికొకటి అడ్డకర్రలతో కట్టారా అన్నది కూడా అక్కడే కంటికి తెలుస్తుంది.

పైపుల గుంపు వల్ల అంత నష్టమా?

విడివిడిగా పోతే ఏం కాదు. స్విచ్ బోర్డు పైన అయిదారు పైపులు ఒకదానికొకటి ఆనుకుని దిగే చోట వాటి మధ్యలోకి కాంక్రీట్ వెళ్లదు, గుల్ల వస్తుంది. వాటి మధ్య కంకర పట్టేంత సందు వదలమని చెప్పండి. పైపులు కింది రాడ్లకీ పై రాడ్లకీ మధ్యలో పోవాలి, పై రాడ్ల మీదెక్కి పోకూడదు. పైపు కోసం ఎవరైనా రాడ్డు కోశారా అని మాత్రం గట్టిగా అడగండి. కోసి ఉంటే ఆ చోటు ఇంజనీర్ గారికి చూపించాలి, మేస్త్రీతో సర్దుకునే సంగతి కాదు.

కవర్ బ్లాకుల బదులు కంకర రాయి పెడితే?

వద్దు. రాయి తొక్కితే జారిపోతుంది, రాడ్డు పలకకి ఆనుతుంది, సెంట్రింగ్ విప్పాక అడుగున రాడ్డు గీతలు కనిపిస్తాయి. అక్కడే కొన్నేళ్లకి తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి.

ఇలా ఉత్తరం రాస్తే మేస్త్రీ నొచ్చుకోరా?

చాటుగా ఇంజనీర్‌కి పంపి, తర్వాత ఆయన చేత తిట్టిస్తే నొచ్చుకుంటారు, అది సహజమే. నేను ముందే మేస్త్రీ గారి చేతికి ఒక ప్రతి ఇచ్చి, "అన్నా, శుక్రవారం సార్ ఇవే కొలుస్తారు, నువ్వు ముందు చూసుకో" అన్నాను. ఆయన గురువారమే కుర్చీలు అదనంగా చేయించారు. ప్రశ్నపత్రం ముందే ఇచ్చినట్టు అయింది కదా అంటారేమో, నాకు కావాల్సింది పరీక్ష కాదు, గట్టి బాల్కనీ.

ఇంజనీర్ గారు "అంతా ఓకే" అని ఒక్క మాట పంపారు. సరిపోతుందా?

కొలతలు లేని ఓకే నాకైతే సరిపోదు. మర్యాదగానే అడగండి: "సార్, బాల్కనీ దగ్గర ఎంత వచ్చిందో రాస్తారా, ఫైల్లో పెట్టుకుంటాను." ఖాళీలు వదిలిన కాగితం ఇవ్వడం అందుకే. అంకె రాయాలంటే కొలవాల్సిందే. సవరణ చెప్పి ఉంటే, అది అయ్యాక అదే చోట స్కేలు పెట్టి తీసిన ఫోటో పంపి, దానికి సరేనని జవాబు వచ్చాకే కాంక్రీట్‌కి కబురు చేయండి.

తప్పు దొరికి తేదీ వాయిదా పడితే?

పడనివ్వండి. కాకపోతే నాలుగైదు రోజులు పైన ఆగితే పలకల మీద పడిన చెత్త, బైండింగ్ వైర్ ముక్కలు, ఆకులు శుభ్రం చేయించి, కుర్చీల ఎత్తు మళ్లీ ఒకసారి కొలవండి. ఈ మధ్యలో ఎవరో ఒకరు ఎక్కి తిరుగుతూనే ఉంటారు.

తనిఖీ అయిపోయింది. స్లాబ్ రోజు ఇక నేను చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. మా కింది బాల్కనీ రాడ్డు అణిగింది స్లాబ్ రోజే కదా. నడిచే దారిలో రాడ్ల మీద కాకుండా విడిగా దిమ్మల మీద చెక్కలు వేయించండి. రాడ్‌బెండర్‌ని ఒకరిని చివరిదాకా ఉంచుకోండి, అణిగిన రాడ్డుని అప్పటికప్పుడు కొక్కెంతో పైకి లాగి కుర్చీ పెట్టాలి. బాల్కనీలో మాల్ పడే ముందు ఒకసారి పనాపి, అదే స్కేలుతో అవే అయిదు చోట్ల మళ్లీ కొలవండి. మాకు ఆ రోజు అన్నీ 92, 95 మధ్యలో వచ్చాయి.

మాల్ గట్టిగా ఉందని ఎవరైనా నీళ్లు పోయబోతే ఆపండి. పోసిన అదనపు నీరంతా బలాన్ని తగ్గిస్తుంది.

బాల్కనీ జాకీలు ఎప్పుడు, ఎలా తీయాలి?

ఎప్పుడన్నది ఇంజనీర్ గారినే అడిగి ఉత్తరంలోనే తేదీ రాయించుకోండి, గదుల జాకీలు తీసిన రోజే వీటినీ లాగేయకుండా. తీసే వరుస మాత్రం గుర్తుంచుకోండి. బాల్కనీకి బయటి అంచు నుంచి మొదలుపెట్టి గోడ వైపుకి రావాలి. గోడ వైపు ముందు తీసి చివర జాకీ వదిలేస్తే, బాల్కనీ కాసేపు రెండు వైపులా ఆనిన స్లాబ్‌లా పనిచేస్తుంది, అలా మోసేలా దానికి కింద రాడ్లు పెట్టి ఉండరు. మా పై బాల్కనీకి ఒక్కో వరుస తీశాక అరగంట ఆగి, అంచు కింద కట్టిన దారం చూసి, తర్వాతి వరుస తీశాం. దారానికీ అంచుకీ మధ్య సందు మారలేదు.